రిప్లైని కథ మధ్యలోకి తీసుకురండి

ప్రశ్న: బెంగళూరులో రెండేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను, వీలు దొరికినప్పుడు కథలు రాస్తుంటాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన చైతన్య అనే కుర్రాడు తాతయ్య సంవత్సరీకానికి ఊరెళ్లాలి. మేనేజర్‌కి మొదటిసారి లీవ్ మెయిల్ పెట్టడానికి భయపడి భయపడి చివరికి పంపిస్తాడు. "ఇందులో అంత అడగడానికేముంది, నిశ్చింతగా వెళ్లిరా, కుటుంబం తర్వాతే ఏదైనా" అని రిప్లై వస్తుంది. ఇదీ కథ, ఏడు పేజీలు. చదివినవాళ్లు భయం బాగా రాశావు గానీ ముగింపు ముందే తెలిసిపోయింది అంటున్నారు. ఆ రిప్లై నిజంగా ఆశ్చర్యపరచాలంటే ఏం మార్చాలి?
– ఒక పాఠకుడు, బెళ్లందూరు

జవాబు: తప్పు రిప్లైలో కంటే దాని ముందున్న ఆరు పేజీల్లో ఎక్కువుంది. ఆ ఆరు పేజీలూ పాఠకుడి ముందు ఒకే ప్రశ్న పెడుతున్నాయి: మేనేజర్ సరేనంటాడా, కాదంటాడా? దానికి ఉన్నవి రెండే జవాబులు. అంత భయం చూపించాక కాదన్నాడంటే కథ లేనట్టే, కుర్రాడు భయపడ్డదే జరిగింది. కాబట్టి సరే అనే అంటాడని పాఠకుడు రెండో పేజీలోనే తేల్చేసుకుంటాడు. ఆ 'సరే'ని మీరు ఎంత మంచి మాటలతో రాసినా అతను ఊహించింది అతనికి అందినట్టే. కరకు మేనేజర్‌ని పెట్టి కాదనిపించినా ఇదే చిక్కు. ఒక్క ముక్కలో 'ఓకే' అని రాయించడం వీటికంటే కొంత నయం, కానీ అది ఒక నవ్వు నవ్వించి ఆగిపోతుంది.

చైతన్య అడగని సంగతికి జవాబు చెప్పే రిప్లై కావాలి మీకు. అతని భయమంతా 'నేను అడిగితే ఏమనుకుంటారో' అన్న దాని చుట్టూ తిరుగుతోంది. రేపు తను లేకపోతే ఏ పని ఆగుతుందన్న ఆలోచన మీ ఏడు పేజీల్లో ఎక్కడా రాలేదు. కొత్తగా చేరినవాళ్లకు ఇది చాలా సహజం. తనొక చిన్నవాడు, తను ఉన్నా లేకపోయినా ఒకటే అనుకుంటూనే లీవ్ అడగడానికి వణుకుతారు. రిప్లై వచ్చి తగలాల్సింది సరిగ్గా అక్కడ.

అందుకు ఆటోమేటిక్ రిప్లై వాడమని నా సలహా. చైతన్య భయపడుతున్న ఆ మనిషే సెలవులో ఉన్నాడు. ఉదయం తొమ్మిదింటికి మెయిల్ వెళ్తుంది, నిమిషం తిరక్కుండా మేనేజర్ పేరుతో జవాబు వచ్చి పడుతుంది. అందులో ఇంతే ఉంటుంది:

"బుధవారం నుంచి శుక్రవారం వరకు సెలవులో ఉంటాను. మెయిల్స్ చూడను. గురువారం రిలీజ్ గురించి చైతన్యతో, మిగతా విషయాలకు భారతితో మాట్లాడండి."

ఇందులో రెండు దెబ్బలున్నాయి. మొదటిది, సార్ సెలవులో ఉండటం. ఎందుకు సెలవు పెట్టారో ఆ మూడు ముక్కల్లో ఎక్కడా లేదు, మీరు కూడా కథలో ఎక్కడా చెప్పకండి. రెండోది, తను అనుమతి అడిగిన మెయిలుకి జవాబుగా తన పేరే తిరిగి రావడం. సార్ లేనప్పుడు ఆ పనికి దిక్కు తనే అని రాసి ఉంది, తనేమో అదే రోజుకి సెలవు అడిగాడు. మీ పాత ముగింపులో మేనేజర్ మంచితనాన్ని మాటల్లో చెప్పారు. ఇక్కడ ఆ మాటలేవీ లేకుండానే, ఒక కుర్రాడిని నమ్మి పేరు రాశాడన్నది తెలుస్తోంది. ఆ నమ్మకమే ఇప్పుడు కుర్రాడికి ఇబ్బంది తెచ్చిపెట్టింది.

ఇక మీ పాఠకుల్లో సగంమంది సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నవాళ్లు కాబట్టి ఒక సాంకేతిక చిక్కు ముందే విప్పుకోవాలి. ఒకే కంపెనీ లోపల ఔట్‌లుక్ వాడుతున్నప్పుడు, ఆటోమేటిక్ రిప్లై పెట్టుకున్న మనిషి పేరు `To` గడిలో వేయగానే ఆయన సెలవులో ఉన్నారన్న సంగతి మెయిల్ పంపకముందే పైన చిన్న పట్టీలో కనిపిస్తుంది. చైతన్య బుధవారం పొద్దున్న కూర్చుని మెయిల్ రాశాడంటే అది చూసి తీరాలి, కథ అక్కడే కూలిపోతుంది. దీనికి తేలికైన విరుగుడు ఉంది. మంగళవారం రాత్రి పదకొండూ ఇరవైకి రాయించండి. అర్ధరాత్రి మెయిల్ వెళ్తే బాగుండదని అతను `Schedule send` నొక్కి పొద్దున్న తొమ్మిదికి పెడతాడు. మేనేజర్ ఆటోమేటిక్ రిప్లై బుధవారం మొదలయ్యాకే పనిచేస్తుంది గనుక రాత్రి ఏ పట్టీ కనిపించదు. గడియారం పన్నెండు మాత్రం దాటనివ్వకండి. ఇందులో మీకు ఇంకో లాభం ఉంది. మర్యాద కోసం టైము చూసి మెయిల్ పెట్టడం కూడా ఆ కుర్రాడి భయమే, దాన్ని విడిగా వర్ణించే పని తప్పింది.

ఔట్‌లుక్‌లో అలాంటి జవాబు సబ్జెక్టుకు ముందు `Automatic reply:` అని ఉంటుంది. మెయిల్ తెరిచిన క్షణంలో గుట్టు తెలిసిపోతుంది కాబట్టి తెరవడాన్ని కాసేపు ఆపండి. తొమ్మిదీ ఒకటికి ఫోన్ మోగింది, తెర మీద సార్ పేరు. నిమిషంలో వచ్చిందంటే చదవకుండానే కాదన్నారన్నమాట అని చైతన్య ఫోన్ బోర్లా పెట్టేస్తాడు. పీజీ కింది దర్శినిలో నిలబడి ఇడ్లీ తింటూ ఉంటాడు, ఫోన్ జేబులోంచి తీయడు. ఈ ఐదారు వాక్యాలు మీ పాత కథలోని రెండు పేజీల గుండెదడకంటే బాగా పనిచేస్తాయి. జవాబు వచ్చిందని పాఠకుడికి తెలుసు, అందులో ఏముందో తెలియదు.

ఇప్పుడు ముందే వేసి ఉంచాల్సిన విత్తనాల సంగతి. ఇది లేకపోతే ఆటోమేటిక్ రిప్లై రచయిత అప్పటికప్పుడు తెచ్చి పెట్టుకున్న అదృష్టంలా కనిపిస్తుంది. సార్ సెలవు పెడుతున్నట్టు టీముకి చెప్పకుండా ఉండరు కదా, మరి చైతన్యకి ఎందుకు తెలియదు? అతను అక్కడే ఉన్నాడు, విన్నాడు, కానీ సగమే విన్నాడు. కథ మొత్తం అతని కళ్లతోనే నడుస్తోంది గనుక పాఠకుడికీ ఆ సగమే వినిపించండి. సోమవారం మీటింగు ఇలా రాయొచ్చు:

"...బుధవారం నుంచి. కాబట్టి గురువారం రిలీజ్ చైతన్య చూసుకుంటాడు. ఏం చైతన్యా, చూసుకుంటావుగా?"
తన పేరు వినబడి చైతన్య ల్యాప్‌టాప్ మీంచి తలెత్తాడు. పొద్దుట్నుంచి ఫెయిలవుతున్న టెస్టు అప్పుడే పాసైంది.
"చూసుకుంటాను సార్."

మాట మధ్యలో మొదలైంది చూడండి. మొదటి సగం అతని చెవిన పడలేదు. పాఠకుడి దృష్టి మాత్రం పాసైన టెస్టు మీదికి, కుర్రాడి సంతోషం మీదికి పోతుంది. ఆ పేరాను అక్కడ ఆపకండి, వెంటనే ఇంకో చిన్న పనిలోకి తీసుకెళ్లండి. పేరా చివర నిలిచిన వాక్యాన్ని పాఠకుడు గుర్తుపెట్టుకుంటాడు, ఇది గుర్తుండకూడదు.

రెండో విత్తనం మంగళవారం సాయంత్రం. సార్ బ్యాగు తగిలించుకుని వెళ్లిపోతారు, ల్యాప్‌టాప్ ఛార్జర్ డెస్కు మీదే ఉండిపోతుంది. చైతన్య అది చూస్తాడు. వెనకాలే పరుగెత్తి ఇద్దామా అనుకుంటాడు, ఏదో చిరాకులో ఉన్నట్టున్నారని ఆగిపోతాడు. ఛార్జర్ వదిలేసి వెళ్లిన మనిషి రెండు మూడు రోజులు ల్యాప్‌టాప్ తెరిచే ఉద్దేశంలో లేడు. కళ్లెదుట ఉన్నదాన్ని భయం వల్ల తప్పుగా చదివాడు కుర్రాడు. రెండోసారి చదివినప్పుడు పాఠకుడికి ఈ ఛార్జరే నచ్చుతుంది. రెండు విత్తనాలు చాలు, మూడోది వేస్తే మొలకెత్తిపోతుంది.

అసలు ఇంత హడావిడిగా లీవ్ ఎందుకు అడగాల్సి వచ్చింది? సంవత్సరీకం ఎప్పుడో ఏడాది ముందే తెలుస్తుంది కదా అని ఎవరైనా అడుగుతారు. మీ కథలో దీనికి సమాధానం లేదు. తిథిలోనే సమాధానం ఉంది. గోడ క్యాలెండర్లో తేదీ పక్కన వేసేది సూర్యోదయానికి ఉన్న తిథి. పితృకార్యానికి చూసేది అపరాహ్ణ వేళకు, అంటే మధ్యాహ్నం దాటాక ఉన్న తిథి. చైతన్య వాళ్ల నాన్న క్యాలెండర్ చూసి శనివారం అనుకున్నారు, కుర్రాడు కూడా సెలవు అక్కర్లేదని ఊరుకున్నాడు. పంతులుగారు పంచాంగం చూసి, శనివారం పొద్దున్నకే తిథి వెళ్లిపోతోంది, శుక్రవారం పెట్టుకోవాలి అన్నారు. మంగళవారం రాత్రి నాన్న ఫోను. దీనికి నాలుగు వాక్యాలకు మించి వద్దు. "శనివారం కాదురా, పంతులుగారు శుక్రవారమే అంటున్నారు. నువ్వు రాగలవా?" అన్న ఒక్క మాటతో సగం పని అయిపోతుంది.

మీ కథలో ఊరు సామర్లకోట దగ్గర. గురువారం శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే శుక్రవారం పొద్దున్నే దిగొచ్చు. మామూలు బెర్తులు ఎప్పుడో అయిపోయి ఉంటాయి, మిగిలింది తత్కాల్. స్లీపర్ తత్కాల్ ప్రయాణానికి ముందురోజు పొద్దున్న పదకొండింటికి తెరుస్తారు, ఏసీ అయితే పదింటికి. కన్ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్ రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాదు. ఈ రెండు నిబంధనలు మీ కథకి వరం. తొమ్మిదింటికి రిప్లై వచ్చింది, పదకొండింటికి టికెట్లు తెరుచుకుంటాయి, మధ్యలో రెండు గంటలు. ఇందాకటిదాకా కథకి లేని గడియారం ఇప్పుడు దొరికింది.

అందుకే రిప్లైని చివరినుంచి తెచ్చి మధ్యలో పెట్టమంటున్నాను. ఐదు పేజీల కథ అనుకుంటే రెండో పేజీ ముగిసేలోపు రిప్లై రావాలి. చివర్లో పెడితే అది పాఠకుడిని ఉలిక్కిపడేలా చేసి ఆగిపోతుంది, దానివల్ల ఎవరూ ఏమీ చేయాల్సిన అవసరం రాదు. మధ్యలో పెడితే ఆ జవాబుకి కుర్రాడు ఏం చేశాడన్నది కథవుతుంది.

దీనికి చోటు కావాలంటే మీ భయం పేజీల్ని కోయాలి. వేళ్లు వణకడం, చెమట పట్టడం, గొంతు ఆరిపోవడం మీరు మళ్లీ మళ్లీ రాశారు. ఇవి ఏ భయానికైనా సరిపోతాయి, లీవ్ మెయిల్ భయానికే ప్రత్యేకమైనవి కావు. మెయిల్ రాసేవాడి భయం అతను కొట్టేసిన మాటల్లో ఉంటుంది. సబ్జెక్టులో 'అర్జెంట్' అని రాస్తాడు, మరీ అధికారం చేసినట్టుందని తీసేస్తాడు. 'సెలవు కావాలి' అని రాసి 'సెలవు ఇప్పించగలరని మనవి' అని దిద్దుతాడు. తాతయ్య తనని ఎలా పెంచారో ఒక పేరా రాస్తాడు, ఇది సార్‌కి ఎందుకని కొట్టేస్తాడు, కారణం చాలదేమోనని మళ్లీ పెడతాడు. ఎక్కడ చేయి తగిలి పోతుందోనని మెయిల్ పూర్తయ్యేదాకా `To` గడి ఖాళీగా ఉంచుతాడు. ఇంత చాలు, ముప్పావు పేజీ. చివరికి తయారైన మెయిల్లో తాతయ్య ఉన్నారు, తిథి ఉంది, రెండుసార్లు క్షమాపణ ఉంది, ఇకముందు ఇలా జరగదన్న హామీ ఉంది. గురువారం రిలీజ్ మాట ఒక్కటి లేదు. లేదని మీరు ఎత్తి చూపకండి, మెయిల్‌ని ఉన్నదున్నట్టు పాఠకుడి ముందు పెట్టి వదిలేయండి.

రిప్లై చదివాక చైతన్య ఎవరి దగ్గరికి వెళ్లాలో ఆ రిప్లైలోనే ఉంది. పోర్టల్లో లీవ్ పెట్టినా అది సార్ వచ్చేదాకా పెండింగులోనే కూర్చుంటుంది. సార్ చెప్పిన రెండో పేరు భారతిది. ఆవిడ తొమ్మిదీ నలభైకి వస్తారు. ఈ సంభాషణ కథకి గుండెకాయ, కాబట్టి పొట్టిగా ఉండాలి:

"భారతి గారూ, రేపటి రిలీజ్..."
"నీదే కదా?"
"రేపు నేను ఉండనండి. మా తాతయ్య సంవత్సరీకం. రాత్రే తెలిసింది."
"సార్‌కి చెప్పావా?"
"మెయిల్ పెట్టానండి."
"మరి రేపు రిలీజ్ ఎవరు చేస్తారని రాశావు?"

ఇక్కడ చైతన్య జవాబు చెప్పడు. అతనికి అప్పుడేం అర్థమైందో మీరూ చెప్పకండి. 'తన తప్పు తెలిసొచ్చింది' లాంటి వాక్యం ఒక్కటి పడినా ఇప్పటిదాకా చేసినదంతా పోతుంది. భారతిని వెంటనే పనిలోకి దించండి. "సరే, చేస్తాను. ఏది తర్వాత ఏది చేయాలో రాసివ్వు. తేడా వస్తే పాత వెర్షన్‌కి ఎలా తెచ్చుకోవాలో అది కూడా రాయి. అది లేకుండా మాత్రం నేను ముట్టుకోను." ఆవిడ మంచిదో కఠినురాలో తేల్చాల్సిన పని లేదు. అనుభవం ఉన్న ఇంజనీరు ఎవరైనా అడిగేది అదే: ఎలా ముందుకెళ్లాలన్నదాని కంటే ముందు, పాడైతే వెనక్కి ఎలా రావాలి?

తర్వాతి గంటలో చైతన్య ఆ కాగితం రాస్తాడు. ఈ భాగాన్ని తొందరపడి దాటేయకండి. తను రోజూ చేసే పని మరొకరు చేసేలా రాయడం మొదలుపెట్టాకే తన తలలో తప్ప ఇంకెక్కడా లేని సంగతులు బయటపడతాయి. ఒక సెట్టింగు మార్చాక సర్వీసుని ఆపి మళ్లీ మొదలుపెట్టాలని ఎక్కడా రాసి లేదు, అతనికి అలవాటు కాబట్టి చేసేస్తున్నాడు. పాత వెర్షన్ నంబరు ఎక్కడ దొరుకుతుందో అతనొక్కడికే తెలుసు. సాంకేతిక వివరం ఈ రెండూ చాలు. ఈ రంగం తెలియని పాఠకుడికి కూడా, ఈ కుర్రాడు లేకపోతే నిజంగానే ఇక్కడ ఒక పని ఆగుతుందని ఈ రెండింటితో అర్థమవుతుంది. ఆటోమేటిక్ రిప్లైలో తన పేరు ఎందుకుందో చైతన్యకి కూడా అప్పుడే తెలుస్తుంది.

పదీ యాభైకి అతను రెండో మెయిల్ రాస్తాడు, భారతికి, సార్‌ని కాపీలో పెట్టి. దాన్ని మొత్తం ఇవ్వండి:

"గురు, శుక్రవారాలు సెలవులో ఉంటాను. గురువారం రిలీజ్ భారతి గారు చూస్తారు. చేయాల్సిన పనులు, వెనక్కి తెచ్చుకునే పద్ధతి డాక్యుమెంటులో రాశాను, లింకు కింద ఉంది. శుక్రవారం సాయంత్రం నాలుగు తర్వాత ఫోన్‌లో దొరుకుతాను."

తాతయ్య లేరు, క్షమాపణ లేదు. రాత్రి రాసిన మెయిల్ పాఠకుడికి ఇంకా గుర్తుంటుంది కాబట్టి పన్నెండు గంటల్లో ఈ కుర్రాడు ఎంత మారాడో రెండు మెయిళ్లూ పక్కపక్కన పెట్టుకుని అతనే చూసుకుంటాడు. ఇంకో చిన్న సంగతి జాగ్రత్త. ఔట్‌లుక్ ఆటోమేటిక్ రిప్లై ఆ సెలవు కాలంలో ఒక్కో మనిషికి ఒక్కసారే వెళ్తుంది. ఈసారి సార్ దగ్గర్నుంచి ఏదీ రాదు, పొరపాటున మళ్లీ రాయకండి. మొదటి మెయిలుకి రిప్లై తెరవడానికే జంకిన కుర్రాడు ఈ మెయిలుకి రిప్లై కోసం ఎదురుచూడనే చూడడు, అతని ముందు ఐఆర్‌సీటీసీ పేజీ తెరిచి ఉంది.

టికెట్ దొరికిందా లేదా అన్నదాన్ని గాల్లో వదిలేయాలని మీకు అనిపించవచ్చు. అలా చేయకండి. ఈ కథలో ప్రశ్న టికెట్ కాదు, దాన్ని వేలాడదీస్తే పాఠకుడు అనవసరంగా దాని గురించే ఆలోచిస్తాడు. "పదకొండూ మూడుకి టికెట్ వచ్చింది, పై బెర్త్" అని ఒక్క వాక్యంలో తేల్చేసి ముందుకెళ్లండి. ఆ తర్వాత అతను భారతి దగ్గరికెళ్లి డాక్యుమెంటులో నాలుగో మెట్టు ఒకసారి కలిసి చేసి చూద్దామా అని అడుగుతాడు. కథ అక్కడ ఆపేయండి. మీరు రాసిన సామర్లకోట ప్లాట్‌ఫామ్ సీను, నానమ్మ కౌగిలి, సోమవారం సార్ వచ్చి భుజం తట్టడం, మూడూ తీసేయండి. మొత్తం ఐదు పేజీలకు మించకూడదు. మించితే ముందు దర్శినికి పైనున్న పేజీల్లోంచి తగ్గించండి, భారతితో మాటలు, రెండో మెయిలు మాత్రం ముట్టుకోకండి.